మొదటి జీతంలో పీఎఫ్ కోత: పూర్తి 12 శాతమా, 1,800 రూపాయలా?

సౌమ్యది వరంగల్. ఇంజనీరింగ్ అయ్యాక 2025 జూలై 1న హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. ఆఫర్ లెటర్‌లో ఏడాదికి ఆరు లక్షలు అని ఉంది కాబట్టి నెలకు యాభై వేలు వస్తాయనే ఇంట్లో చెప్పింది. నెలాఖరున ఖాతాలో పడింది 42,598. ఏడు వేల పైచిలుకు ఎటు పోయిందో తెలియక, పేస్లిప్ తెరిచి పట్టుకుని పద్మగారి దగ్గరకు వెళ్లింది. పద్మగారు అదే టీమ్‌లో సీనియర్, ఇరవయ్యేళ్లకు పైగా ఉద్యోగంలో ఉన్న మనిషి.

"మేడం, ఇన్‌కమ్ ట్యాక్స్ ఇంత కట్ చేస్తారా?" అని అడిగింది సౌమ్య.

"ట్యాక్స్ గడి చూడు, సున్నా ఉంది కదా," అన్నారు పద్మగారు. "కొత్త పన్ను విధానంలో ఈ ఏడాది జీతం పన్నెండు లక్షల డెబ్బై ఐదు వేల దాకా పన్నే పడదు. నీ డబ్బు పోయింది వేరే చోట. ముందు ఆఫర్ లెటర్ తియ్యి, పేస్లిప్ తర్వాత చూద్దాం."

ఆఫర్ లెటర్‌లో యాభై వేలు ఇలా విడిపోయి ఉన్నాయి: బేసిక్ 25,000, ఇంటి అద్దె భత్యం 10,000, స్పెషల్ అలవెన్స్ 10,798, కంపెనీ కట్టే పీఎఫ్ 3,000, గ్రాట్యుటీ 1,202. చివరి రెండూ సీటీసీలో, అంటే కంపెనీ ఉద్యోగి మీద పెట్టే మొత్తం ఖర్చులో, కనిపిస్తాయి గానీ నెలనెలా చేతికి రావు. గ్రాట్యుటీ చేతికి రావాలంటే పర్మినెంట్ ఉద్యోగి మామూలుగా ఐదేళ్లు పని చేయాలి. అందుకే పేస్లిప్‌లో గ్రాస్ 45,798 దగ్గర మొదలైంది. అందులో సౌమ్య వాటా పీఎఫ్ 3,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 తీసేస్తే 42,598 మిగిలింది. ఆ రెండు వందలు రాష్ట్రానికి వెళ్తాయి. తెలంగాణలో నెల జీతం ఇరవై వేలు దాటిన వాళ్లందరికీ అంతే. దాని గురించి ఆలోచించి లాభం లేదు.

ఆలోచించాల్సింది పీఎఫ్ గురించే, ఎందుకంటే మన మాట చెల్లే అవకాశం ఉన్న కోత అదొక్కటే. చట్టం ప్రకారం బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 12 శాతం ఉద్యోగి కట్టాలి, అంతే మొత్తం యజమాని కట్టాలి. కానీ తప్పనిసరి అయ్యే జీతానికి 15,000 అని ఒక పరిమితి ఉంది, 2014 సెప్టెంబర్ నుంచి అదే నడుస్తోంది. పదిహేను వేలలో 12 శాతం అంటే 1,800. అంతకు మించి కట్టడం ఇద్దరూ ఒప్పుకుంటేనే. చాలా కంపెనీలు చేరేటప్పుడే ఒక ఫారంలో అడుగుతాయి: పూర్తి బేసిక్ మీద కట్టాలా, 1,800 దగ్గర ఆపాలా అని. మొదటి రోజు పెట్టే ఇరవై సంతకాల్లో అదొకటి. సౌమ్య కూడా చదవకుండానే పెట్టేసింది.

మూడో దారి కూడా ఉంది. చేరేనాటికి బేసిక్ పదిహేను వేలు దాటి, అంతకుముందు ఎక్కడా పీఎఫ్ సభ్యత్వం లేని వాళ్లు ఫారం 11లో ఆ సంగతి రాసి పీఎఫ్‌లో చేరకుండా ఉండొచ్చు. ఒకసారి సభ్యురాలైతే మాత్రం ఉద్యోగంలో ఉండగా బయటికి రావడం కుదరదు. సౌమ్యకు మొదటి నెలే కోత పడింది కాబట్టి ఆ తలుపు మూసుకున్నట్టే. తెరిచి ఉన్నా వద్దనే చెప్పేదాన్ని అన్నారు పద్మగారు, నేనూ అదే అంటాను. పీఎఫ్ సభ్యులు సర్వీసులో ఉండగా చనిపోతే కుటుంబానికి ఈడీఎల్‌ఐ అనే బీమా కింద ఏడు లక్షల దాకా వస్తుంది. దానికి ఉద్యోగి జేబులోంచి పైసా కట్టక్కర్లేదు. ఇంటి బరువు మోయబోయే పిల్లకు అది వదులుకోదగ్గది కాదు.

ఇక మిగిలింది రెండే. సౌమ్య జీతానికి అవి ఇలా ఉంటాయి.

| | పూర్తి బేసిక్ మీద | 1,800 దగ్గర ఆపితే |
|---|---|---|
| సౌమ్య వాటా | 3,000 | 1,800 |
| కంపెనీ వాటా | 3,000 | 1,800 |
| చేతికి వచ్చేది | 42,598 | 44,998 |
| ఐదేళ్లకు పీఎఫ్‌లో (సుమారు) | 4.40 లక్షలు | 2.64 లక్షలు |

ఐదేళ్ల లెక్కకు వడ్డీ 8.25 శాతం తీసుకున్నాం. 2023-24కీ 2024-25కీ ప్రకటించిన రేటు అదే. బేసిక్ కూడా పెరగకుండా అలాగే ఉంటుందనుకున్నాం. ఈడీఎల్‌ఐ బీమాలో జీతాన్ని బట్టి వచ్చే భాగం మాత్రం ఈ రెండింటిలో దేనికైనా ఒకటే, ఎందుకంటే అది కూడా పదిహేను వేల జీతం మీదే లెక్క కడతారు; పీఎఫ్ నిల్వను బట్టి వచ్చే భాగం కొంత మారొచ్చు.

"కంపెనీ కూడా మూడు వేలు వేస్తోంది కదా మేడం, అది ఊరికే వచ్చే డబ్బు. తగ్గించుకుంటే నష్టం కాదా?" అంది సౌమ్య.

చాలామంది తికమకపడేది సరిగ్గా ఇక్కడే. ఆఫర్ లెటర్‌లో ఆ మూడు వేలు యాభై వేల లోపలే ఉన్నాయి. అంటే అది ఆమె జీతమే, పెట్టే చోటు మారిందంతే. కంపెనీ వాటా 1,800కు తగ్గితే మిగిలిన 1,200 స్పెషల్ అలవెన్స్‌లో కలవాలి. సౌమ్య కంపెనీలో అలాగే కలుస్తుంది. అందుకే చేతికొచ్చే జీతం 1,200 కాకుండా 2,400 పెరుగుతోంది. కొన్ని చోట్ల ఆ 1,200 ఎందులోనూ కలపరు, కంపెనీకే మిగిలిపోతుంది. అలాంటి చోట పూర్తి పీఎఫే మేలు, రెండో ఆలోచన అక్కర్లేదు. నెలకు 1,200 వదులుకుని ఏ లాభమూ రాదు. కాబట్టి హెచ్‌ఆర్‌ను ఒక్కటే అడగాలి: "కంపెనీ వాటా తగ్గితే ఆ తేడా నా గ్రాస్‌లో కలుస్తుందా?" జవాబు మెయిల్‌లో తీసుకోవాలి.

పూర్తి పీఎఫ్ వైపు అందరూ చెప్పే ఇంకో కారణం పన్ను ఆదా. ఈ మాట సౌమ్యకు పనికిరాదు. ఉద్యోగి వాటాకు 80సి మినహాయింపు పాత విధానంలోనే దొరుకుతుంది. ఆమె కొత్త విధానంలో ఉంది, పైగా పన్నే సున్నా. లేని పన్నును ఆదా చేయడానికి ఏమీ ఉండదు. తండ్రి తరం ఉద్యోగులు ఇచ్చే ఈ సలహా వాళ్ల రోజుల్లో నిజమే, ఇప్పుడు మొదటి జీతం తీసుకునే చాలామందికి వర్తించదు.

అలాగని 1,800 మేలని వెంటనే తేల్చేయకూడదు. 8.25 శాతం వడ్డీ, దాదాపు రిస్కు లేకుండా, ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో దొరకడం కష్టం. చేతికి రాని డబ్బు ఖర్చు కాదు కూడా. పద్మగారు ఈ సంగతి దాచలేదు. "ఆ ఇరవై నాలుగు వందలు ఎటు పోతాయో ఇప్పుడే చెప్పగలవా? చెప్పలేకపోతే పూర్తి పీఎఫ్ ఉంచెయ్," అన్నారు.

సౌమ్య దగ్గర జవాబుంది. నాలుగు లక్షల విద్యారుణం, ప్రభుత్వ బ్యాంకులో, 10.5 శాతం వడ్డీకి. ఉద్యోగం వచ్చింది కాబట్టి కొద్ది నెలల్లో ఈఎంఐ మొదలవుతుంది, అప్పటిదాకా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. లక్ష రూపాయలు పీఎఫ్‌లో ఉంటే ఏడాదికి 8,250 వస్తుంది. అదే లక్ష అప్పుకు కడితే ఏడాదికి 10,500 మిగులుతుంది. విద్యారుణం వడ్డీకి ఉండే మినహాయింపు కూడా పాత విధానంలోదే, కాబట్టి ఈ లెక్క మారదు. ఇంత అప్పు నెత్తిన పెట్టుకుని తక్కువ వడ్డీకి పొదుపు చేయడం నా దృష్టిలో తప్పు. ఆమెకు 1,800 మేలు. ఒకే షరతు, జీతం పడిన మర్నాడే 2,400 లోన్ ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాలి. ఆ డబ్బు ఈఎంఐకి అదనంగా అసలులో జమ అవుతోందో లేదో బ్యాంకులో అడిగి చూసుకోవాలి. కొన్నిసార్లు దాన్ని రాబోయే ఈఎంఐకి అడ్వాన్సుగా లెక్కేస్తారు.

అప్పు లేని పిల్లకైతే నేను ఇంత గట్టిగా చెప్పను. ఇంటి దగ్గరే ఉంటూ, అద్దె లేకుండా, ఐదేళ్ల దాకా డబ్బుతో పని పడని వాళ్లకు పూర్తి బేసిక్ మీద కట్టడమే నయం. ఐదేళ్లు ఎందుకంటే, అంతకంటే తక్కువ సర్వీసుతో పీఎఫ్ తీసేస్తే ఆ మొత్తం పన్ను లెక్కలోకి వస్తుంది. ఉద్యోగం మారినప్పుడు డబ్బు తీయకుండా పాత ఖాతాను కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది. మొదటి మూడేళ్లలో రెండు కంపెనీలు మారి, మారినప్పుడల్లా పీఎఫ్ ఖాళీ చేసే వాళ్లకు పూర్తి పీఎఫ్ ఇచ్చే లాభంలో సగం కూడా దక్కదు.

తర్వాత మనసు మారితే? తగ్గించినదాన్ని పెంచుకోవడం సులువు. అప్పు తీరాక వీపీఎఫ్, అంటే స్వచ్ఛందంగా కట్టే పీఎఫ్, పేరుతో తన వాటాను బేసిక్ మొత్తం దాకా పెంచుకోవచ్చు, కంపెనీ వాటా మాత్రం పెరగాల్సిన పని లేదు. పూర్తి బేసిక్ నుంచి 1,800కు దిగడమే కష్టం. దానికి కంపెనీ ఒప్పుకోవాలి, చాలా చోట్ల చేరిన కొత్తలోనే ఒప్పుకుంటారు. సౌమ్య కంపెనీలో మొదటి మూడు నెలల్లో ఒకసారి మార్చుకోనిస్తారు. ఆగస్టు జీతం నుంచి మార్చమని ఆమె మెయిల్ పెట్టింది.

లేచి వెళ్లబోతుంటే పద్మగారు ఇంకో పని చెప్పారు. "వచ్చే నెల మూడో వారంలో యూఏఎన్‌తో, అదే నీ పీఎఫ్ నంబరుతో, లాగిన్ అయి పాస్‌బుక్ చూసుకో. కంపెనీ ఆ నెల పీఎఫ్ తర్వాతి నెల 15 లోపు కట్టాలి. పేస్లిప్‌లో కోత కనిపిస్తే కట్టేసినట్టు కాదు."

పాస్‌బుక్‌లో మూడు గళ్లుంటాయి: ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్. 2014 సెప్టెంబర్ 1 తర్వాత, బేసిక్ పదిహేను వేలు దాటి, కొత్తగా పీఎఫ్‌లో చేరిన వాళ్లు పెన్షన్ పథకంలోకి రారు. వాళ్లకు కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోనే పడాలి, పెన్షన్ గడిలో సున్నా ఉండాలి. పేరోల్ వాళ్లు అలవాటు కొద్దీ 1,250 అటు వేసేస్తుంటారు. ఉద్యోగం మారి డబ్బు ట్రాన్స్‌ఫర్ చేయబోయినప్పుడు ఇలాంటి తప్పు అడ్డం పడుతుంది, అప్పటికి పాత కంపెనీ చేత దిద్దించడం పెద్ద తలనొప్పి. సౌమ్య పాస్‌బుక్‌లో జూలైకి ఆ గడిలో 1,250 అని ఉంటే, స్క్రీన్‌షాట్ తీసి ఆ నెలలోనే పేరోల్‌కు పంపాలి. ఒక నెల తప్పు దిద్దడం వాళ్లకూ తేలికే.