దేశం మారుతున్నారా? వాలెట్ నింపే ముందు, డీఎల్‌సీ కొనే ముందు ఇది చదవండి

వేరే దేశానికి మకాం మారుస్తున్న గేమర్లు ఎవరైనా ఉంటే, పెట్టెలు సర్దుకునే ముందు ఓ పది నిమిషాలు ఇటు చూడండి. ఈ సంగతి నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. నేనూ అడగలేదు. ఇప్పుడు నా దగ్గర ఒక కన్సోల్, రెండు ఖాతాలు, నా పాత డిస్క్‌తో ఏ ఖాతాలో తెరిచినా పనిచెయ్యని ఒక డీఎల్‌సీ ఉన్నాయి. ఏ కన్సోలో, ఎవరి స్టోరో రాయను. రాస్తే మీది గొప్పా మాది గొప్పా అన్న గొడవ మొదలై అసలు విషయం పక్కకు పోతుంది.

నేను చేసిన మొదటి పని తెలివైనదనే అనుకున్నాను. వెళ్లబోయే దేశంలో అవే గేములు బాగా ఖరీదు. ఒకే గేమ్‌కు ఒక్కో దేశంలో ఒక్కో ధర పెట్టడం మామూలే కదా, అక్కడి జనం ఎంత పెట్టగలరో చూసి పెడతారు. అందుకని బయల్దేరడానికి మూడు వారాల ముందు సేల్ నడుస్తుంటే, రెండు పెద్ద గేములకు సరిపడా డబ్బు వాలెట్‌లో వేశాను. ఒకటి వెంటనే కొన్నాను, మిగతాది ‘అక్కడికెళ్లాక చూద్దాంలే’ అని వదిలేశాను. వెళ్లేముందు పాత బ్యాంకు ఖాతా మూసేశాను. ఇక్కడ అక్కర్లేదనుకున్న ఆ ఖాతాతో పాటు దాని కార్డు కూడా పోయింది. అసలు కథ అక్కడే మొదలైంది, కానీ అది నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

కొత్త చోట కన్సోల్ పెట్టి ఆన్ చేస్తే అన్నీ మామూలుగానే ఉన్నాయి. కొన్న గేములు తెరుచుకున్నాయి, స్టోర్ పాత దేశం ధరలే చూపించింది, వాలెట్ డబ్బు కూడా పనిచేసింది. నిజానికి సంబరపడ్డాను. ఇలాంటి స్టోర్లు మీరు కూర్చున్న చోటును కాదు, ఖాతా తెరిచిన రోజు మీరు ఎంచుకున్న దేశాన్ని చూస్తాయి. అంతవరకు అది మనకు లాభమే. వాలెట్ అడుగంటిన రోజు మాత్రం అదే గొంతుకు అడ్డం పడుతుంది.

నేను 90 గంటలకు పైగా ఆడిన ఒక గేమ్ నాకు డిస్క్ రూపంలో ఉంది, పాత దేశంలో కొన్నది. దానికి పెద్ద డీఎల్‌సీ వచ్చింది. వాలెట్‌లో మిగిలింది దాని ధరలో సగం కూడా లేదు. కొత్త దేశం కార్డు ఎక్కించబోతే ఒప్పుకోలేదు. కార్డు నంబరు తప్పేమో అని మూడుసార్లు కొట్టాను, మూడోసారి తర్వాత కాసేపు ఆగమని మరో సందేశం వచ్చింది. కార్డులో ఏ లోపమూ లేదు. కార్డు జారీ అయిన దేశం, ఖాతా దేశం ఒకటి కాకపోతే ఆ స్టోర్ తీసుకోదు, అంతే. స్క్రీన్ మీద మాత్రం ‘వివరాలు సరిచూసుకోండి’ అని ఉంటుంది. దేశం తేడా అని ఒక్క ముక్క రాస్తే నాకు ఓ సాయంత్రం మిగిలేది.

మర్నాడు దుకాణంలో గిఫ్ట్ కార్డ్ కొన్నాను. గీకి కోడ్ కొడితే, ఈ ఖాతాకు చెల్లదని స్క్రీన్ మీద వచ్చింది. గిఫ్ట్ కార్డులకూ దేశం ఉంటుంది. కార్డు వెనక సన్న అక్షరాల్లో రాసే ఉంది, నేనే చూడలేదు. గీకేసిన కార్డు వెనక్కి తీసుకునే దుకాణం ఎక్కడా ఉండదు.

సపోర్ట్ చాట్‌లో అడిగితే అవతలి మనిషి మర్యాదగానే చెప్పాడు: ‘ఖాతా దేశం మార్చడం కుదరదండీ. కొత్త దేశంతో ఇంకో ఖాతా తెరుచుకోండి.’ పాత గేములు, ట్రోఫీలు, స్నేహితుల జాబితా కొత్త ఖాతాకు తెచ్చుకోవచ్చా అంటే, అదీ కుదరదన్నాడు.

సరే, గిఫ్ట్ కార్డ్ ఊరికే పోతుందెందుకని కొత్త ఖాతా తెరిచాను. అది చెల్లింది. ఆ డబ్బుతో డీఎల్‌సీ కొన్నాను. నా ధీమా ఏంటంటే, ఆ కన్సోల్‌లో ఒక ఖాతా కొన్నదాన్ని అదే కన్సోల్ మీద మరో ఖాతా ఆడుకోవచ్చు. ఇంట్లో నలుగురు ఒకే మెషీన్ వాడేవాళ్లకు ఇది తెలిసిందే. కాబట్టి కొత్త ఖాతాతో కొని, పాత ఖాతాతో నా సేవ్ తెరిచి ఆడుకుంటాను అనుకున్నాను.

డీఎల్‌సీ దిగింది. ఇన్‌స్టాల్ అయ్యింది. స్టోరేజ్‌లో ఎన్ని జీబీలు తిన్నదో కూడా చూపిస్తోంది. గేమ్ తెరిస్తే మెనూలో డీఎల్‌సీ జాడే లేదు, ‘స్టోర్‌లో కొనండి’ అని బటన్ వెక్కిరిస్తోంది. తీసేసి మళ్లీ దింపాను. లైసెన్సులు రీస్టోర్ చేశాను. కన్సోల్ రీస్టార్ట్ చేశాను. ఏం చేసినా అంతే.

కారణం ఇదీ, ఇది జాగ్రత్తగా చదవండి. ప్యాకెట్ మీద బొమ్మ ఒకటే, పేరు ఒకటే అయినా, ఒక ప్రాంతంలో అమ్మే గేమ్, మరో ప్రాంతంలో అమ్మే గేమ్ ఆ కంపెనీ లెక్కలో రెండు వేరు సరుకులు. ఒక్కోదానికి ఒక్కో ప్రోడక్ట్ కోడ్ ఉంటుంది. డీఎల్‌సీ తన కోడ్ ఉన్న గేమ్‌నే వెతుక్కుంటుంది. నా డిస్క్ పాత ప్రాంతానిది, డీఎల్‌సీ కొత్త ప్రాంతానిది. రెండూ ఒకే డ్రైవ్‌లో పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. డిస్క్‌కు రీజియన్ లాక్ లేదు, అది ఏ దేశం కన్సోల్‌లోనైనా ఆడుతుంది. అందుకే మోసపోతాం. ‘రీజియన్ ఫ్రీ’ అన్న మాట డిస్క్ వరకే, దాని మీద కొనే వాటికి వర్తించదు.

ఇది ముందే పట్టుకోవచ్చు. డిస్క్ పెట్టె వెన్ను మీద చిన్నగా అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఉంటుంది. ఆ కోడ్ ఏ ప్రాంతానిదో వెతికితే రెండు నిమిషాల్లో తేలుతుంది. మీ స్టోర్ ఖాతాదీ అదే ప్రాంతం అయితేనే డీఎల్‌సీ కొనండి. సెకండ్ హ్యాండ్ డిస్కులు కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎక్కడినుంచో తెచ్చి అమ్మిన డిస్క్ అయితే దేశం దాటకుండానే మీకు ఇదే గతి పడుతుంది.

రిఫండ్ అడిగాను. డౌన్‌లోడ్ మొదలైంది కాబట్టి ఇవ్వరట. దిగితే గానీ పనిచెయ్యదని తెలియని వస్తువుకు, దిగితే డబ్బు రాదనే రూలు! ఎవరు రాశారో గానీ వాళ్లకో దండం.

చివరికి పాత ఖాతాకు దారి దొరికింది తమ్ముడి వల్ల. వాడు పాత దేశంలోనే ఉన్నాడు. అధికారిక అమ్మకందారు దగ్గర ఆ దేశం గిఫ్ట్ కార్డ్ కొని కోడ్ పంపాడు, ఒక్క దెబ్బకు ఎక్కింది. మొదటి రోజే వాడికి ఫోన్ చేసి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు. అలాగని ఎక్కడో తక్కువ ధరకు కోడ్‌లు అమ్మే తెలియని సైట్ల జోలికి వెళ్లకండి. దొంగ కార్డులతో కొన్న కోడ్ తర్వాత రద్దయితే ఖాతాకే తాళం పడొచ్చు. మీకు అలాంటి తమ్ముడు లేకపోతే, పాత బ్యాంకు ఖాతా కనీసం ఒక ఏడాది మూయకండి. ఆన్‌లైన్ ఆటకు కట్టే చందా కూడా ఆ కార్డు మీదే నడుస్తుంటుంది. నాది ఎప్పుడు ఆగిపోయిందో, స్నేహితులు ఆటలోకి పిలిచిన రోజు గానీ నాకు తెలియలేదు.

మిగతా స్టోర్ల సంగతి కూడా వాకబు చేశాను. అన్నీ ఇంత మొండివి కావు, కానీ ఒక్కోదానికి ఒక్కో మెలిక ఉంది.

స్టీమ్‌లో దేశం మార్చుకోవచ్చు. మీరు నిజంగా కొత్త దేశంలో ఉండి, అక్కడి కార్డుతో ఏదో ఒకటి కొంటే స్టోర్ దేశం మారుతుంది, వాలెట్ డబ్బు కొత్త కరెన్సీలోకి వెళ్తుంది. మూడు నెలలకు ఒకసారి కంటే ఎక్కువ మార్చనివ్వరు. అయితే స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఉన్నవాళ్లు గమనించాలి. సభ్యులందరి స్టోర్ దేశం ఒకటే ఉండాలన్నది అక్కడి నియమం. అన్నయ్య లైబ్రరీలోని గేములు ఆడుతూ బతికేస్తున్నవాళ్లు, దేశం మారాక అవి ఉంటాయనుకోకండి.

నింటెండోలో ఖాతా సెట్టింగుల్లోనే దేశం మార్చుకోవచ్చు, కానీ ఈషాప్ బ్యాలెన్స్ మిగిలి ఉంటే మార్చనివ్వదు. అంటే ఏమీ రాని చిల్లర కూడా మిమ్మల్ని ఆపేస్తుంది. ఆపిల్‌లోనూ అంతే, స్టోర్ క్రెడిట్ ఖర్చయ్యాకే దేశం మారుతుంది, నడుస్తున్న చందాలు కూడా ముందే ఆపుకోవాలి. గూగుల్ ప్లేలో ఏడాదికి ఒక్కసారే మార్పు, పాత బ్యాలెన్స్ కొత్త దేశంలో చెల్లదు. మొబైల్ గేముల్లో డబ్బు పెట్టేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, నాకు తెలిసిన ఇద్దరు అలాగే ఇరుక్కున్నారు. ఇక్కడ నేను ముందు చేసిన ‘తెలివైన పని’ పూర్తిగా తలకిందులవుతుంది. దేశం మార్చనివ్వని స్టోర్‌లో వాలెట్ నింపుకుని వెళ్లడం పనికొస్తుంది. స్టీమ్ తప్ప, మార్చనిచ్చే ఈ స్టోర్లలో అదే వాలెట్ సంకెల. మీది ఏ రకమో తెలుసుకోకుండా రూపాయి కూడా వెయ్యకండి.

వీపీఎన్ పెట్టుకుని పాత దేశంలో ఉన్నట్టు నటించమని సలహా ఇచ్చేవాళ్లు తప్పక తగులుతారు. ఎక్కడున్నారో దాచి తక్కువ ధరకు కొనడం స్టీమ్ ఒప్పందంలోనే నిషిద్ధం. అసలు ఈ తాళాలన్నీ బిగుసుకోవడానికి ఆ బ్యాచ్ కూడా ఒక కారణమని నా అభిప్రాయం. అర్జెంటీనా, టర్కీ స్టోర్లలో చవకగా కొనడానికి జనం ఎలా ఎగబడ్డారో గుర్తుండే ఉంటుంది. 2023 నవంబరులో స్టీమ్ ఆ రెండు దేశాలనూ డాలర్ ధరల్లోకి మార్చింది. కరెన్సీ ఒడిదుడుకుల వల్ల అన్నారు గానీ, దెబ్బ మాత్రం అక్కడ నిజంగా బతికే గేమర్లకు తగిలింది.

నా డీఎల్‌సీ ఇంకా కొత్త ఖాతాలోనే ఉంది. మొన్న ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో అదే గేమ్ డిస్క్, ఈ ప్రాంతం కోడ్‌ది, చవకగా కనిపించింది. పెట్టి చూస్తే డీఎల్‌సీని వెంటనే గుర్తుపట్టింది. నా 90 గంటల సేవ్‌ను మాత్రం గుర్తుపట్టలేదు, అది పాత కోడ్‌కు చెందినదట. ట్యుటోరియల్ నుంచి మళ్లీ మొదలుపెట్టాను, నిన్నటికి నాలుగు గంటలైంది.