ఒక సున్నా, రెండున్నరేళ్లు: పేరు లేని పాత స్కూల్ మైక్రోస్కోప్‌తో నా అనుభవం

ఈ మైక్రోస్కోప్ నా దగ్గరికి వచ్చి మూడేళ్లు దాటింది. దీని మీద కంపెనీ పేరు లేదు, నంబరు లేదు. పెట్టె, కాగితాలు అసలే లేవు. ఒక స్కూల్ ల్యాబ్ ఖాళీ చేస్తుంటే బయటపడిందని మాత్రం చెప్పారు. తీసుకునే ముందు నా చేతిలో ఉన్నవి మూడు ఫోటోలు. వాటిని పెద్దవి చేసి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేమిటో తేల్చుకున్నాను. తేల్చుకున్నదాంట్లో చాలావరకు నిజమే అయింది. ఒక్క సున్నా దగ్గర మాత్రం తప్పులో కాలేశాను. అందుకే ఈ సమీక్షలో సగం పైన దాని గురించే ఉంటుంది.

భాగాలు గుర్తుపట్టడం పెద్ద పనేమీ కాలేదు. గుర్రపు నాడా లాంటి దిమ్మ, వెనక్కి వంచడానికి కీలు, పెద్ద మర, దాని కింద చిన్న మర, నమూనా వైపు ఉండే లెన్సులు, అంటే ఆబ్జెక్టివ్‌లు, మూడింటిని పట్టుకుని గిర్రున తిరిగే తల. ఇవన్నీ మొదటి ఫోటోలోనే కనిపించాయి. కాస్త తడబడింది స్లైడు పెట్టే స్టేజీ కింద. అక్కడ అగ్గిపుల్లంత పిడి ఒకటి పక్కకు పొడుచుకు వచ్చింది. స్టేజీ కింద రంధ్రాల పళ్లెం ఉండే రకమైతే గుండ్రటి అంచు బయటికి కనిపిస్తుంది, పిడి ఉండదు. పిడి ఉందంటే అది ఐరిస్, వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే తెర. దాని పైన చిన్న గాజు మెరుపు కూడా కనబడింది కాబట్టి కండెన్సర్ ఉందని తేలిపోయింది. విచిత్రం ఏమిటంటే, ఫోటోలో అద్దం గుంట వైపు పైకి తిప్పి ఉంది. కండెన్సర్ ఉన్న మైక్రోస్కోప్‌లో చదునుగా ఉండే వైపే వాడాలి, వెలుగును ఒకచోటికి చేర్చే పని కండెన్సర్ చూసుకుంటుంది. ఇంతకుముందు దీన్ని వాడినవాళ్లు తోచినట్టు వాడుకున్నారని అప్పుడే అనుకోవాల్సింది. అనుకోలేదు.

ఇక ఆబ్జెక్టివ్‌ల మీది అంకెలు. చదవడం తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. పై వరుసలో గీతకు ముందున్నది ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందో చెబుతుంది, తర్వాతది న్యూమరికల్ అపర్చర్, అంటే లెన్స్ ఎంత వెడల్పాటి వెలుగు శంకువును పట్టుకోగలదో చెప్పే అంకె. కింది వరుసలో గీతకు ముందున్నది మైక్రోస్కోప్ గొట్టం పొడవు మిల్లీమీటర్లలో, తర్వాతది కవర్ స్లిప్ మందం, అంటే నమూనా మీద కప్పే పల్చటి గాజు మందం, అదీ మిల్లీమీటర్లలోనే. నా ఫోటోల్లో చిన్న ఆబ్జెక్టివ్ మీద 4/0.10, మధ్యదాని మీద 10/0.25, పెద్దదాని మీద 40/0.65 చదవగలిగాను. ఈ జతలు స్కూల్ మైక్రోస్కోప్‌లలో పదే పదే కనిపించేవే కాబట్టి ఒక అంకె అరిగిపోయినా పక్క అంకెను బట్టి పోల్చుకోవచ్చు. 40 పక్కన మసగ్గా 0.6 వరకే కనిపిస్తే మిగతాది 5 అని ధైర్యంగా అనుకోవచ్చు.

నన్ను ముంచింది ఈ ధైర్యమే.

4, 10 రెండింటి కింది వరుసలోనూ 160/- అని ఉంది. 160 తర్వాత గీత, ఆ తర్వాత చిన్న అడ్డగీత. నేను ఆ అడ్డగీతను గీరుడు అనుకున్నాను. 40 మీద 160/0 వరకు స్పష్టంగా ఉంది, ఆపైన ఎండిపోయిన నూనె మడ్డి ఏదో నల్లగా అంటుకుని ఉంది, దాని పక్కనే ఆబ్జెక్టివ్ గొట్టం గుండ్రంగా వెనక్కి తిరిగిపోతోంది. ఇంకేముంది, 0 తర్వాత మడ్డి కింద .17 ఉంటుందని నా మనసే పూరించేసుకుంది. 0.17 మిల్లీమీటర్లు మామూలు కవర్ స్లిప్ మందం, స్కూల్ 40 ఆబ్జెక్టివ్ మీద ఎక్కడ చూసినా అదే ఉంటుంది. ఇంటికి వచ్చాక లెన్స్ ముందు గాజును శ్రద్ధగా తుడిచాను గాని, గొట్టం పక్కనున్న మడ్డి జోలికి పోలేదు. తెలిసిందే కదా అని మళ్లీ చదవనూ లేదు.

మొదటి నెలలో దీన్ని కనబడిన ప్రతివాళ్ల దగ్గరా పొగిడాను. 10తో ఉల్లిపొర చూస్తే గోడలు గీసినట్టు కనిపించేవి. చిన్న మర వెన్నలా తిరుగుతుంది, ఇప్పటికీ. 40 ఆబ్జెక్టివ్ మీది క్రోమియం మిగతా రెండింటికన్నా తళతళలాడుతుంటే, ఎవరో దాన్ని భద్రంగా దాచి వాడారని మెచ్చుకున్నాను కూడా. ఆ మెచ్చుకోలు ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. అది భద్రంగా దాచింది కాదు, వేరే ఇంటి పిల్ల.

40కి తిప్పితే చాలు, బొమ్మ మీద పల్చటి పాలు ఒలికినట్టుండేది. ఉల్లిపొర గోడ అంచు దగ్గర గీత ఉండాల్సిన చోట గీత చుట్టూ మంచు. చిన్న మరను ఎటు తిప్పినా ఆ మంచు అటో ఇటో జరిగేది తప్ప పోయేది కాదు. ఐరిస్ బాగా మూస్తే కొంచెం మెరుగయ్యేది, కాని వివరాలు పోయేవి. లెన్స్‌లో ఫంగస్ అనుకున్నాను. ఐపీస్ మార్చాను. నా కళ్లజోడును అనుమానించాను. ఇంకో ఇబ్బంది, 10 నుంచి 40కి తిప్పాక గొట్టాన్ని 7 మిల్లీమీటర్లకు పైగా కిందికి దించితే తప్ప ఏమీ కనబడేది కాదు. పైకి లేపడం మర్చిపోయి మళ్లీ 10కి తిప్పితే అది వచ్చి స్లైడును గీరేది. అలా రెండు కవర్ స్లిప్‌లు పగిలాయి. పాతదిగా, మరలు అరిగి ఉంటాయిలే అని సర్దుకున్నాను.

ఒకరోజు ఒక స్నేహితురాలు వచ్చింది, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఐదు నిమిషాలు చూసి, "కవర్ స్లిప్ తీసేసి ఎప్పుడైనా చూశావా?" అంది. తీసేస్తే ఇంకా పాడవుతుంది కదా అన్నాను. "చూడు ముందు" అంది.

బుగ్గ లోపలి కణాలు గీరి స్లైడు మీద పూసి, ఆరనిచ్చి, మిథిలిన్ బ్లూ వేసి, కడిగి, మళ్లీ బాగా ఆరబెట్టాం. దాని మీద సగం వరకే కవర్ స్లిప్ పెట్టాం. కింద నీటి చుక్క కూడా లేదు, అంచుకు టేపు ముక్క అంతే. నీళ్లు ఉంటే తేడా నీళ్ల వల్ల వచ్చిందో గాజు వల్ల వచ్చిందో తెలియదని ఆమె పట్టు. ముందు 10తో చూశాం. గాజు కింద సగం, గాజు లేని సగం, రెండూ ఒకేలా ఉన్నాయి. తర్వాత 40. గాజు కింద అదే పాలమంచు. స్లైడును మెల్లగా జరిపి అంచు దాటించి, చిన్న మర సర్దగానే కేంద్రకం అంచు బ్లేడుతో కోసినట్టు వచ్చింది. కణం పొర మడతలు కూడా కనబడ్డాయి. రెండున్నరేళ్లలో ఆ లెన్స్ నుంచి అంత స్పష్టమైన బొమ్మ చూడలేదు నేను.

అప్పుడు దూదిపుల్లకు కాస్త ఆల్కహాల్ అంటించి మడ్డి తుడిచాను. కింద ఏమీ లేదు. 160/0, అంతే. చుక్కా లేదు, పదిహేడూ లేదు.

0 అంటే కవర్ స్లిప్ మందం సున్నా, అసలు పెట్టొద్దని అర్థం. లోహపు ముక్కల్లాంటి మూత లేని నమూనాలు చూసే మైక్రోస్కోప్‌లకు అలాంటివి చేస్తారు. అడ్డగీత అంటే కవర్ స్లిప్ ఉన్నా లేకున్నా పర్వాలేదని. 4, 10 లాంటి చిన్న అపర్చర్‌లలో వెలుగు శంకువు సన్నగా ఉంటుంది కాబట్టి 0.17 మిల్లీమీటర్ల గాజు దాన్ని పెద్దగా చెదరగొట్టదు. 0.65 దగ్గర అంచుల్లోంచి వచ్చే కిరణాలు బాగా ఏటవాలుగా వస్తాయి. లెక్కలో లేని గాజు అడ్డుపడితే అంచు కిరణాలు ఒకచోట, మధ్య కిరణాలు మరోచోట కలుస్తాయి. నేను చూసిన మంచు అదే. ఐరిస్ మూస్తే కాస్త తగ్గిందంటే, ఆ అంచు కిరణాలు ఆగిపోవడం వల్లే.

ఇంత జరిగాక పాత ఫోటోలు తీసి మళ్లీ చూశాను. జవాబు వాటిలోనే ఉంది. రెండో ఫోటోలో స్టేజీ మీద ఖాళీ స్లైడు ఒకటి పొడవాటి వైపు కెమెరాకు ఎదురుగా ఉంది, 40 ఆబ్జెక్టివ్ సరిగ్గా దాని పైనే ఉంది. స్లైడు పొడవు 76 మిల్లీమీటర్లు. ఆబ్జెక్టివ్ గొట్టం దానిలో సగానికి కాస్త తక్కువ, అంటే 37 మిల్లీమీటర్లు అటూ ఇటూ. సెట్‌గా చేసిన ఆబ్జెక్టివ్‌లలో తల నుంచి నమూనా వరకు దూరం అన్నింటికీ ఒకటే ఉంచుతారు, ఎక్కువగా 45 మిల్లీమీటర్లు. 40 ఆబ్జెక్టివ్ నమూనాకు అర మిల్లీమీటరు పైచిలుకు దూరంలోనే పనిచేస్తుంది కాబట్టి ఆబ్జెక్టివ్ గొట్టమే దాదాపు 44 ఉండాలి. ఇక్కడ 7 తక్కువ. నేను మైక్రోస్కోప్ గొట్టాన్ని దించిన దూరం కూడా దాదాపు అంతే! మరలు అరగలేదు, లెన్సే పరాయిది. అయితే ఈ కొలత పని చేసేది స్లైడుకు సరిగ్గా పైన ఉన్న ఆబ్జెక్టివ్‌కే. పక్కకు వాలి ఉన్నవాటిని ఇలా కొలిస్తే లెక్క తప్పుతుంది.

పరాయి లెన్స్ అంత సులువుగా ఎలా దూరిందంటారా? ఆబ్జెక్టివ్ మర కొలత చాలా పాత ప్రమాణం, సుమారు 20.3 మిల్లీమీటర్ల వ్యాసం, లెక్కలేనన్ని మైక్రోస్కోప్‌లకు అదే. మర పట్టిందంటే లెన్స్ సరిపోయిందని కాదు.

ఆరు నెలల కింద 40/0.65, 160/0.17 అని నాలుగు వైపులా ఫోటోలు తెప్పించుకుని చూసి మరీ ఇంకో ఆబ్జెక్టివ్ తీసుకున్నాను. ఇప్పుడు 10 నుంచి 40కి తిప్పితే చిన్న మర అర చుట్టులో బొమ్మ వస్తుంది. మంచు లేదు. అయినా మునుపటిలా పొగడలేను. చదునైన అద్దం పెట్టినప్పుడు కిటికీ ఊచలు బొమ్మలో కనబడి విసిగిస్తాయి, ఇంకో పక్క వంచే కీలు కొద్దిగా వదులైంది.

నేను ఎక్కువగా చూసేవి సీతాకోకచిలుక రెక్కల పొలుసులు, ఎండిన పుప్పొడి, అప్పుడప్పుడు ఆకు కోతలు. తీరిగ్గా చూసుకునే ఒక్కడినే కాబట్టి ఇది నాకు చాలు. చెరువు నీళ్ల చుక్కలతో ముప్పై మంది పిల్లలకు వరసగా చూపించాల్సిన టీచర్‌కైతే ఇదే మాట చెప్పలేను. ఆ 160/0 ఆబ్జెక్టివ్‌ను మాత్రం పారేయలేదు. రెక్క పొలుసులు చూసే రోజున కవర్ స్లిప్ లేకుండా దాన్నే బిగిస్తాను. బిగించే ముందు గొట్టం పైకి లేపుతాను, ఇప్పుడది మర్చిపోను.