క్లారినెట్ ముక్కలు పట్టేస్తే ఏది మేలు: లాగడమా, నూనె వేయడమా, ఫ్రిజ్జా, ఆరబెట్టడమా?

శ్రావణమాసం పెళ్ళిళ్ళ సీజన్‌లో కోనసీమ బ్యాండు మేళాల్లో ఇది మామూలే. అర్ధరాత్రి దాకా ఊరేగింపులో వాయించి క్లారినెట్‌ని విప్పబోతే పై ముక్క, కింది ముక్క విడిపోవు. బయట గాలిలో తేమ, లోపల ఊపిరి తేమ కలిసి మధ్య అతుకు దగ్గరి కార్క్ ఉబ్బిపోతుంది. చెక్క వాయిద్యమైతే కార్క్ కింద చెక్క కూడా కాస్త ఉబ్బుతుంది.

అప్పుడు మేళంలో అందరూ చేసే మొదటి పని: "ఒరే, నువ్వు అటు పట్టుకో, నేను ఇటు లాగుతా." నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ పద్ధతి ఇదే. ఇద్దరు లాగితే నిట్టనిలువుగా లాగలేరు, ఎవరో ఒకరు కాస్త వంచుతారు. ఆ వంపు భారమంతా కార్క్ చుట్టిన సన్నటి చివర మీద పడి అది విరగొచ్చు. విరగకపోయినా గుప్పిట బిగించినప్పుడు పక్కనున్న కీల రాడ్లు వంగుతాయి.

రెండోది నూనె. ఇంట్లో కొబ్బరినూనె ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అతుకు మీద నాలుగు చుక్కలు వేస్తారు. బిగుసుకున్న కార్క్ సందులోకి అది దిగదు, పక్కనున్న రంధ్రాల్లోకి మాత్రం జారి వాటిని మూసే ప్యాడ్లను పాడు చేస్తుంది. వద్దు.

మూడోది ఫ్రిజ్. చల్లబడితే ముడుచుకుంటుందని అంటారు, నిజమే, కానీ లోపలి చివరా, బయటి గూడూ ఒకే పదార్థం కదా, రెండూ కలిసే ముడుచుకుంటాయి, మిగిలే సందు ఎంతని? పైగా చెక్కకి ఉన్నట్టుండి చలి తగిలితే పగుళ్ళ భయం. మన తేమ గాలిలోకి బయటికి తీయగానే ఒళ్ళంతా నీటి బిందువులు పట్టి ప్యాడ్లు తడుస్తాయి. ప్లాస్టిక్ క్లారినెట్‌కి పగుళ్ళ బెంగ లేదు గానీ లాభమూ లేదు.

నా ఓటు ఆరబెట్టడానికే. మౌత్‌పీస్, బ్యారెల్, బెల్ తీసేసి, కలిసే ఉన్న రెండు ముక్కల గుండా గుడ్డని మడత పడకుండా మెల్లగా లాగండి. తర్వాత పెట్టెలో మూయకుండా, కీలు పైకి ఉండేలా మంచం మీద పడుకోబెట్టి రాత్రంతా వదిలేయండి. వానాకాలంలో ఫ్యాన్ గాలి కూడా తడిగానే ఉంటుంది కాబట్టి ఏసీ గది దొరికితే మేలు, అయితే చల్లగాలి నేరుగా తగలకూడదు. ఎండలో మాత్రం పెట్టొద్దు, ముఖ్యంగా చెక్కదాన్ని.

పొద్దున్నే ఒక్కరే కూర్చుని విప్పండి. ఒక విషయం గుర్తుంటే చాలు: కీలను వాటి రంధ్రాల మీదికి నొక్కే బలం వల్ల ఏమీ కాదు, రాడ్లను పక్కకి నెట్టే బలమే వాటిని వంచుతుంది. అందుకే కింది ముక్కని అడుగు చివర పట్టుకుని, పెద్ద ప్యాడ్లు అరచేతికి ఆని మూసుకునేలా చూసుకోండి. పై ముక్కని పై చివర దగ్గర పట్టుకుని, అదే చేతి వేళ్ళతో రింగుల్ని నొక్కి ఉంచండి. అప్పుడు అతుకు దగ్గర రెండు ముక్కల కీలనీ కలిపే బ్రిడ్జి కీలో పై భాగం లేచి ఉంటుంది, కింది దానికి తగలదు. చెయ్యి జారుతుంటే పాత సైకిల్ ట్యూబు ముక్కని అరచేతికీ వాయిద్యానికీ మధ్య పెట్టుకోండి. గట్టిగా పిసకాల్సిన పని తప్పుతుంది.

ఇక తిప్పడం. అటు రెండు మూడు మిల్లీమీటర్లు, ఇటు రెండు మూడు మిల్లీమీటర్లు, తిప్పుతూనే నిటారుగా లాగండి. అంతకన్నా ఎక్కువ తిప్పితే కింది ముక్కలో ఎడమ చిటికెన వేలి కోసం ఉండే లీవర్లు, అతుకు దాటి పైకి వచ్చి ఉంటాయి కదా, అవి పై ముక్క కీలకి కొట్టుకుంటాయి. ఇనుప స్క్రూ బిగుసుకున్నట్టు పూర్తి చుట్టు తిప్పబోయే వాళ్ళకి రిపేరు ఖర్చు ఖాయం. అసలు కదలకపోయినా, కిర్రుమన్నా ఆపేసి ఇంకో రాత్రి ఆరనివ్వండి. అప్పటికీ రాకపోతే రిపేరు చేసేవాళ్ళ దగ్గరికే.

విడిపోయాక చివరని వెలుగులో తిప్పి చూడండి. కార్క్‌కి పైనా కిందా ఉన్న చెక్క అంచుల మీద మెరిసే రాపిడి మచ్చలుంటే ఉబ్బింది చెక్క. దాన్ని మీరు గీకొద్దు, పనితెలిసినవాడు చూడాలి. మచ్చలు లేకపోతే తప్పు కార్క్‌దే. పాత గ్రీజు తుడిచేసి, 400 నంబరు గరుకు కాగితాన్ని సన్నటి పట్టీగా కోసి, చుట్టూ సమానంగా కొద్దిగా రుద్దండి, అమర్చి చూడండి, మళ్ళీ రుద్దండి. ఒక్కసారే ఎక్కువ రుద్దితే వదులైపోయి గాలి లీకవుతుంది. సరిపోయాక కార్క్ గ్రీజు పల్చగా రాయండి.

బ్రిడ్జి కీ వంగిందేమో తెలుసుకోవాలంటే వాయిద్యం బిగించి ఎడమ బొటనవేలు, రెండు చేతుల చూపుడువేళ్ళు మాత్రమే మూసి ఊదండి. ఈ స్వరానికి కుడి చెయ్యి బ్రిడ్జి ద్వారానే పై ముక్క ప్యాడ్‌ని మూస్తుంది. స్వరం బొంగురుగా వచ్చినా, శ్రుతి తప్పినా అక్కడ తేడా ఉన్నట్టే.