పాత లిస్టింగ్ దిద్దాలా, కొత్తది పెట్టి కలపాలా?

ఆన్‌లైన్‌లో అమ్మే సరుకు ప్యాకెట్ సైజు మారినప్పుడు వచ్చే ప్రశ్న ఇది. చిత్తూరులో మామిడి తాండ్ర అమ్మేవాళ్ల సంగతే తీసుకుందాం. 200 గ్రాముల ప్యాకెట్ 120 రూపాయలు, దానికి 73 రివ్యూలు. ఇకపై 250 గ్రాములే, 140 రూపాయలకి.

పాత లిస్టింగ్‌లోనే బరువు, ఫోటో, ధర మార్చేస్తే పది నిమిషాల పని. రివ్యూలు కదలవు. చిక్కంతా గోడౌన్‌లో ఉంటుంది. అక్కడ మిగిలిన 200 గ్రాముల ప్యాకెట్ల మీద బార్‌కోడ్ అదే కాబట్టి, 250కి డబ్బు కట్టినవాళ్లకి అవే వెళ్తాయి. ‘బరువు తక్కువ’ అంటూ రిటర్న్‌లు మొదలయ్యాక గానీ మనకి తెలియదు. అసలు ప్యాకెట్ మీద రాసే నికర బరువు మారితే బార్‌కోడ్ నంబరూ మార్చాలన్నది, ఆ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 నియమం.

రెండో దారి కాస్త నిదానం. 250కి కొత్త నంబరుతో వేరే లిస్టింగ్ పెట్టి, రెండింటినీ ‘సైజు’ వేరియేషన్‌గా ఒకే పేరెంట్ లిస్టింగ్ కింద కలపాలి. అప్పుడు రివ్యూలు సాధారణంగా ఒకేచోట కనిపిస్తాయి. 200 స్టాకు అయిపోయేదాకా అమ్మి సున్నా చేయండి, డిలీట్ మాత్రం వద్దు. పోయినేడు కొన్న అక్క పాత ఆర్డర్‌లోంచి వస్తే, పక్కనే 250 కనిపిస్తుంది. డిలీట్ చేస్తే ఖాళీ పేజీయే.

నా ఓటు రెండోదానికే. అయితే బరువు కాకుండా చక్కెర తీసేసి బెల్లం వేశారనుకోండి, అది వేరే సరుకు. పాత రివ్యూల మీద ఆశ వదిలేసి విడిగా పెట్టాల్సిందే.