ఇరుక్కున్న సాకెట్: కొట్టి తీయడం మేలా, పిన్ను నొక్కి తీయడం మేలా?

సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు ముగిశాక మిర్యాలగూడ వైపు ట్రాక్టర్లకు కేజ్‌వీల్స్ విప్పి మళ్లీ రబ్బరు టైర్లు బిగిస్తారు. ఆ రోజుల్లో మా షెడ్డుకు ఎక్స్‌టెన్షన్ రాడ్డుకు కరుచుకుపోయిన, నట్లు విప్పే సాకెట్లు తరచూ వస్తాయి. మొన్న ఒక డ్రైవరు హాఫ్ ఇంచ్ రాడ్డు, దానికి ఇరుక్కున్న 24 సైజు సాకెట్ పట్టుకుని వచ్చాడు. సాకెట్ అంచంతా సుత్తి దెబ్బలే. "పొద్దుటి నుంచి కొడుతున్నాను అన్నా, వెంట్రుకవాసి కూడా జరగలేదు" అన్నాడు.

జరగదు. రాడ్డు చివరి చదరపు తలలో ఏముందో చూసుకోకుండా కొడితే ఫలితం ఉండదు. కొన్నింటికి అక్కడ స్ప్రింగు మీద ఆడే చిన్న గుండు ఉంటుంది. గుండు అంచు వాలుగా ఉంటుంది కాబట్టి గట్టిగా లాగితే అదే లోపలికి జారుతుంది. సాకెట్‌ను తిప్పే పిడి, అంటే రాచెట్, వీపు మీద బటన్ ఉంటే అది నొక్కి లాగాలి. మూడో రకంలో గుండుకు బదులు నిలువు గోడల పిన్ను ఉంటుంది. సాకెట్ పక్కనున్న రంధ్రంలోకి అది గడియలా దూరి కూర్చుంటుంది. బయటి నుంచి ఆ రంధ్రంలో చూస్తే పిన్ను తల కనిపిస్తుంది. ఈ రకాన్ని లాగినా కొట్టినా ఆ బలమంతా పిన్ను పక్కగోడ మీద పడుతుంది. పిన్ను అంచు చిట్లి మరింత బిగుసుకుంటుంది.

కాబట్టి పిన్ను రకానికి నొక్కి తీయడమే మేలు. అయితే నొక్కడంలోనూ రెండు పొరపాట్లు జరుగుతాయి.

మొదటిది, లాగుతూ నొక్కడం. లాగుతున్నంతసేపు రంధ్రం అంచు పిన్నును పక్కనుంచి అదిమి పడుతుంది. అది లోపలికి కదలదు. ముందు సాకెట్‌ను రాడ్డు వైపు గట్టిగా నెట్టాలి, అప్పుడు పిన్ను మీద ఒత్తిడి తగ్గుతుంది. ఆ తర్వాత నొక్కాలి, చివరగా లాగాలి.

రెండోది ఇంకా గమనించదగ్గది. చాలామంది మేకు తీసుకుని పిన్నును వీలైనంత లోతుకు దించుతారు. పిన్ను దిగుతుంది, కానీ దాని వెంట మేకు కూడా చదరపు తలలోకి దూరుతుంది. ఇప్పుడు గడియ పని మేకే చేస్తుంది! పిన్ను తల చదరం ముఖానికి సమానంగా దిగితే చాలు. ఆ లోతు ఎంతో లెక్క కట్టవచ్చు. ఆ రోజు సాకెట్‌కు రాడ్డు దూరే వైపు వెలుపలి కొలత 30 మి.మీ. ఉంది. హాఫ్ ఇంచ్ చదరం 12.7 మి.మీ. తీసేస్తే 17.3, అందులో సగం 8.65. రంధ్రంలో సులువుగా ఆడే, చివర చదునుగా ఉన్న పంచ్ తీసుకుని, కొన నుంచి ఎనిమిదిన్నర మి.మీ. దగ్గర టేపు చుట్టాను.

మేకు, అలెన్ కీ, పంచ్ మూడింటిలో నా ఓటు పంచ్‌కే. మేకు కొన పిన్ను గుండ్రటి తల మీద నుంచి జారి పక్క సందులో ఇరుక్కుంటుంది. అలెన్ కీ చివర చదునుగానే ఉంటుంది, పంచ్ దొరకనప్పుడు పనికొస్తుంది.

పంచ్ ఆనించి నొక్కినా ఆ పిన్ను మొదట కదలలేదు. పొలం బురద ఎండి గట్టిపడింది. రంధ్రంలో నాలుగు చుక్కల డీజిల్ వేసి, రాడ్డును రంధ్రం పైకి ఉండేలా పడుకోబెట్టి, గంటసేపు వదిలేశాను. తర్వాత పంచ్ మీద చిన్న సుత్తితో మెల్లగా రెండు తట్లు తట్టగానే పిన్ను దిగి, పంచ్ తీయగానే పైకి లేచింది. పిన్ను ఇలా పైకి లేస్తే స్ప్రింగు బతికే ఉన్నట్టు. ఇంకో మూడు నాలుగు సార్లు అలా ఆడించాక బురద నల్లటి జిగురులా బయటికొచ్చింది. అప్పుడు సాకెట్‌ను లోపలికి నెట్టి, టేపు దాకా నొక్కి, లాగడం మొదలుపెట్టాను. సాకెట్ కదిలిన క్షణంలోనే పంచ్‌ను వెనక్కి తీశాను. అలా తీయకపోతే కదులుతున్న రంధ్రం దాన్ని వంచేస్తుంది.

కొన్నిసార్లు మంట పెట్టి వేడి చేయడమే దారి అంటారు. నేను ఒప్పుకోను. ఎర్రగా కాలితే స్ప్రింగు పొగరు చచ్చిపోతుంది, ఆ తర్వాత పిన్ను సాకెట్‌ను పట్టి ఉంచదు. పిన్నును అరగదీసి పొట్టి చేసినా అదే గతి.

సుత్తికీ ఒక చోటు ఉంది. పిన్ను స్వేచ్ఛగా ఆడుతున్నా సాకెట్ రాకపోతే, పెద్ద పైపు తొడిగి తిప్పడం వల్ల చదరం మెలితిరిగి ఉండవచ్చు. రాడ్డును వైసులో బిగించి, పిన్నును నొక్కి, కదలిక మొదలవగానే పంచ్ తీసేయాలి. ఆ తర్వాత సాకెట్ అంచు మీద ఇత్తడి ముక్క పెట్టి చుట్టూ తట్టాలి. కళ్లద్దాలు తప్పనిసరి, గట్టిపరిచిన ఉక్కు పెళ్లలుగా ఎగురుతుంది. అలా వచ్చిన రాడ్డును మళ్లీ వాడకుండా మార్చాలి.

డ్రైవరు రాడ్డు చదరం నిటారుగానే ఉంది. అతను పిన్ను చుట్టూ గ్రీజు పెట్టబోతే వద్దన్నాను. గ్రీజుకు దుమ్ము అంటుకుంటే మళ్లీ బిగుస్తుంది. పలుచటి నూనె ఒక చుక్క వేసి, పిన్నును నాలుగుసార్లు వేలితో నొక్కి చూసి, చేతికిచ్చాను.