గ్రైండర్ దగ్గర ఆగిపోయిన షాఫ్టులు: మూడేళ్ళు ERPNext వాడాక

మాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు. రెండు సీఎన్‌సీ లేత్‌లు, ఒక బ్యాండ్‌సా, ఒకే ఒక్క సిలిండ్రికల్ గ్రైండర్. పంపు షాఫ్టులు చేస్తాం. ప్లానింగ్ నా పని. మూడేళ్ళుగా ERPNext అనే వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని మాన్యుఫాక్చరింగ్ మాడ్యూల్‌లో చేస్తున్నాను. అంతకుముందు ఎక్సెల్, దానికి తోడు నా జ్ఞాపకశక్తి.

మొదటి నెలలో అది చూపించిన తేదీలు చూసి మేనేజర్ సంబరపడ్డారు. 530 షాఫ్టుల వర్క్ ఆర్డర్‌లో గ్రైండింగ్ మూడు రోజుల చిల్లరలో అయిపోతుందంది. పీసుకు 9 నిమిషాలు, అంటే 79 గంటల పైచిలుకు. లెక్క తప్పు కాదు, కాకపోతే గ్రైండర్ రాత్రంతా తిరుగుతుందని అనుకుని వేసిన లెక్క. వర్క్‌స్టేషన్‌లో Working Hours పట్టిక ఖాళీగా వదిలేస్తే సిస్టమ్‌కు పగలూ రాత్రీ ఒకటే. తప్పు మాదే. టీ, భోజనం పోగా నికరంగా 7 గంటలు పెట్టి, ఒకేసారి ఎన్ని పనులు పడతాయో చెప్పే Job Capacity ఒకటని రాసి, సెలవుల జాబితా జోడించాక అదే పని పదకొండున్నర పని దినాలకు వెళ్ళింది. ఆ తర్వాత కస్టమర్‌కు ఇచ్చిన తేదీలు చాలావరకు నిలబడ్డాయి. పీసు వరుసగా దాటాల్సిన ఆపరేషన్ల జాబితా అయిన రూటింగ్‌లో కటింగ్, టర్నింగ్, గ్రైండింగ్, ఇన్‌స్పెక్షన్ అన్నీ ఉన్నా, మా దగ్గర తేదీని నిర్ణయించేది ఆ ఒక్క గ్రైండరే.

అసలు తలనొప్పి స్క్రాప్‌తో. లేత్‌లో రాలే చిప్స్ వేరు, రిజెక్ట్ అయిన పీసు వేరు. 32 ఎంఎం బార్ నుంచి కోసిన 200 ఎంఎం ముక్క సుమారు 1.26 కిలోలు ఉంటుంది. అందులో 300 గ్రాములు చిప్స్‌గా పోవడం మామూలే. దాన్ని BOMలో, అంటే ఒక పీసుకు ఏ సరుకు ఎంత పడుతుందో రాసే జాబితాలో, Scrap Items కింద కిలోల్లో పెట్టాలి, అమ్మితే వచ్చే రేటుతో సహా. రిజెక్ట్ పీసు మాత్రం Process Loss. మేము మొదట్లో BOMలోనే Process Loss 5 శాతం అని రాసేశాం. ఇక ప్రతి ఆర్డర్‌లోనూ అదే 5 శాతం తనంతట తానే తీసివేసింది. ఆరు నెలలు ఈల్డ్, అంటే కోసినవాటిలో బాగా వచ్చిన పీసుల వాటా, 95 శాతం దగ్గరే గీత గీసినట్టు కనిపించింది. నిజమైన షాపులో అంకె అంత కదలకుండా ఉండదు. అది మా షాపు ఈల్డ్ కాదు, మేము టైపు చేసిన అంకె.

దాన్ని సున్నా చేసి, ఏ ఆపరేషన్‌లో పోయిన పీసులు ఆ ఆపరేషన్‌కు సిస్టమ్ తెరిచే జాబ్ కార్డులోనే రాయడం మొదలుపెట్టాం. 500 కావాల్సిన ఒక ఆర్డర్‌కు 530 కోశాం. టర్నింగ్‌లో 14 పోయి 516 మిగిలాయి. గ్రైండింగ్‌లో 11 పోయి 505 వచ్చాయి. మొత్తం ఈల్డ్ 95.3 శాతం, అంటే పాత అంకె పక్కనే. కానీ ఇప్పుడు ఎక్కడ పోయాయో తెలుస్తోంది. పోయిన పీసుల ఖర్చు బాగున్న పీసుల మీదే పడుతుంది కాబట్టి, గ్రైండింగ్ దాకా వచ్చి పోయిన పీసు టర్నింగ్‌లో పోయినదానికంటే ఎక్కువ బాధిస్తుంది.

గ్రైండర్ మీద ఉన్న కుర్రాడు ఊరుకోలేదు. "అన్నా, ఇవి నా లెక్కలో రాస్తే ఎట్లా? నాకు వచ్చేటప్పటికే సన్నగా ఉన్నాయి," అన్నాడు. చూస్తే నిజమే. 11లో 8 పీసులకు గ్రైండింగ్‌కు వదలాల్సిన మెటల్ లేదు, టర్నింగ్ గీతలు అలాగే మిగిలిపోయాయి. ఎనిమిదీ ఒకే షిఫ్టువి, లేత్‌లో మెటల్‌ను కోసే ఇన్సర్ట్ మార్చి, దాని స్థానం చెప్పే ఆఫ్‌సెట్ అంకె తప్పు కొట్టాక వచ్చినవి. దొరికిన చోటు గ్రైండింగ్, పుట్టిన చోటు టర్నింగ్. కార్డు దొరికిన చోటునే చూపిస్తుంది. అందుకని జాబ్ కార్డులో "కారణమైన ఆపరేషన్" అని ఒక కస్టమ్ ఫీల్డ్ పెట్టుకున్నాం. ఇన్సర్ట్ మార్చాక మొదటి మూడు పీసులు మైక్రోమీటర్‌తో కొలవాలన్న రూలు కూడా అప్పుడే వచ్చింది. ఇప్పుడు 500కు 520 కోస్తున్నాం.

ఇబ్బందులు లేవని కాదు. కార్డు క్లోజ్ చేయడం మర్చిపోయి ఇంటికెళితే టైమర్ తెల్లారేదాకా నడుస్తుంది. పీసుకు 9 నిమిషాల దగ్గర 20 చూపిస్తే గ్రైండర్‌ను అనుమానించకుండా ముందు టైమ్ లాగ్ చూస్తాను. రెండోది, అర్జెంట్ ఆర్డర్ మధ్యలో వచ్చినా, గ్రైండర్ బేరింగ్ పోయి రెండు రోజులు ఆగినా, ముందే వేసిన జాబ్ కార్డులు వాటంతటవి వెనక్కి జరగవు. ఒక్కొక్కటీ చేత్తో మార్చాలి. అందుకే గ్రైండర్ ఎదురుగా గోడ మీద సుద్దతో రాసే బోర్డు ఇంకా తీయలేదు. పొద్దున్నే ఏది ముందో దాని మీదే రాస్తాను, కార్డుల తేదీలు మధ్యాహ్నం కూర్చుని సరిచేస్తాను.