ఫ్లాష్ హైడరా, మజిల్ బ్రేకా: తుపాకీ మూతికి ఏది మేలు?

తుపాకీ పేలగానే మూతి దగ్గర కనిపించే మంటను చాలామంది కాలకుండా మిగిలిన మందు అనుకుంటారు. అది అందులో చిన్న భాగమే. నైట్రోసెల్యులోజ్ మందులో పూర్తిగా మండడానికి సరిపడా ఆక్సిజన్ ఉండదు. అందుకే మందంతా కాలినా వేడి వాయువులో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిగులుతాయి. రెండూ మండేవే. మూతి దాటిన వాయువు ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది. కొంచెం ముందుకెళ్లాక షాక్ తరంగం దాన్ని మళ్లీ వేడెక్కిస్తుంది. అప్పుడు చుట్టూ ఉన్న గాలి కలిస్తే భగ్గుమంటుంది. కళ్లు చెదరగొట్టే పెద్ద మంట ఇదే.

ఫ్లాష్ హైడర్ అంటే మూతికి బిగించే చీలికల గొట్టం. అది దెబ్బ కొట్టేది ఆ షాక్ మీద. దాని చీలికలు వాయువును ముక్కలుగా విడగొడతాయి, షాక్ బలంగా ఏర్పడదు, వాయువు అంటుకునేంత వేడెక్కదు. పేరులో దాచడం ఉన్నా, శత్రువు కంటపడకుండా చేసేది తక్కువ. చీకట్లో కాల్చేవాడి కళ్లు బైర్లు కమ్మకుండా కాపాడటమే దాని అసలు పని. అమెరికా సైన్యపు ఎం16 రైఫిల్ తొలి హైడర్‌కు ముందు తెరిచి ఉన్న మూడు కొమ్ములుండేవి. మంటను బాగానే అణిచేవి కానీ వియత్నాం అడవుల్లో తీగలకు తగులుకునేవి. అందుకే కొసన రింగుతో మూసిన ‘పంజరం’ వచ్చింది. ఎం16ఏ2లో అడుగు చీలికలనూ మూసేశారు. దాంతో పడుకుని కాల్చినప్పుడు దుమ్ము లేవడం తగ్గింది, మూతి పైకెగరడమూ కాస్త తగ్గింది. అంతమాత్రాన అది బ్రేక్ అయిపోదు.

మజిల్ బ్రేక్ లెక్క వేరు. తుపాకీ వెనక్కి తన్నే ఎదురుదెబ్బను తగ్గించడం దాని పని. అది తూటాను ముట్టుకోదు, వెనకే వచ్చే వాయువును అడ్డుగోడలతో పక్కలకూ వెనక్కూ తిప్పుతుంది. కాబట్టి ఎదురుదెబ్బలో వాయువు వాటా ఎంతో, అది తగ్గించగలిగే హద్దు దాదాపు అంతే. ఎం16 పాత తూటా బరువు 3.56 గ్రాములు, వేగం సెకనుకు 990 మీటర్ల దాపు, అంటే ద్రవ్యవేగం సెకనుకు 3.5 కిలోగ్రామ్-మీటర్లు. మందు 1.8 గ్రాములే అయినా వాయువు తూటా కంటే వేగంగా దూసుకొస్తుంది కనుక మరో రెండున్నర దాకా కలుస్తుంది. మొత్తంలో 40 శాతం! మందు తక్కువుండే 9 ఎంఎం పిస్టల్లో ఆ వాటా చాలా చిన్నది, బ్రేక్ పెట్టినా ఒరిగేది తక్కువ.

బ్రేక్‌కు మూల్యం చెవులు చెల్లిస్తాయి. పేలుడు ఒత్తిడి కాల్చేవాడి మీదికీ, పక్కవాడి మీదికీ మళ్లుతుంది. ఇయర్‌ప్లగ్స్ మీద మఫ్స్ కూడా పెట్టుకోవాలి. పైగా బ్రేక్ అడ్డుగోడలకు కొట్టుకున్న వాయువు మళ్లీ వేడెక్కుతుంది కనుక మంట తరచూ పెరుగుతుంది.

పగటిపూట రేంజ్‌లో, వెంటవెంటనే గురి పెట్టాలంటే బ్రేకే మేలు. రాత్రి పని ఉన్నా, పక్కన మనుషులున్నా హైడరే. బారెల్ బాగా పొట్టిదైతే మాత్రం వాయువు ఎక్కువ ఒత్తిడితో బయటపడుతుంది, మంచి హైడర్ కూడా పూర్తిగా ఆపలేదు. అక్కడ పొటాషియం లవణాలు కలిపిన మందు ఎక్కువ పని చేస్తుంది, కాకపోతే పొగ పెరుగుతుంది.